వరుస ఎక్కడ విరగాలి: పానగల్ నీడ మీద రాసిన ఒక ప్రాంప్టర్ స్క్రిప్ట్

నా దగ్గర రెండు కాగితాలున్నాయి. రెండూ పానగల్ గురించే. నల్లగొండ పక్కన ఛాయా సోమేశ్వరాలయం మీద ఒక చిన్న చిత్రం తీసినప్పటివి. మొదటి కాగితం సమాచారం సేకరించినవాళ్లు పంపింది. రెండోది, అదే సమాచారాన్ని మా సార్ ప్రాంప్టర్ కోసం తిరగరాసింది. ఆ రోజు కెమెరా పక్కన కూర్చుని స్క్రిప్ట్‌ను పైకి జరిపింది నేనే. మొదటి కాగితం చదివినప్పుడు చదివేవాళ్ల కళ్లు ఎలా పరుగెత్తాయో, రెండోది చదివినప్పుడు ఎలా నిలిచాయో నేను దగ్గర నుంచి చూశాను. ఈ వ్యాసం ఆ రెండో కాగితానికి పరిచయం.

ముందుగా యంత్రం సంగతి. కెమెరా కటకం ముందు ఒక అద్దం ఏటవాలుగా నిలబెడతారు. కింద ఒక తెర పడుకుని ఉంటుంది. తెర మీద అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి కాబట్టి, ఏటవాలు అద్దంలో ప్రతిఫలించినప్పుడు సరిగ్గా కనిపిస్తాయి. ఆ అద్దం కొంత వెలుతురును వెనక్కి తిప్పి, ఎక్కువ భాగాన్ని తనలోంచి పోనిస్తుంది. అందుకే చదివేవాళ్లకు అక్షరాలు కనిపిస్తాయి, కెమెరాకు మనిషి మాత్రమే కనిపిస్తాడు. చదవాల్సింది కళ్ల ముందు కదులుతూ కనిపించాలన్నది 1950 ప్రాంతంలో అమెరికాలో ఫ్రెడ్ బార్టన్ అనే నటుడికి వచ్చిన ఆలోచన. హ్యూబర్ట్ ష్లాఫ్లీ అనే ఇంజనీరు దాన్ని యంత్రంగా మలిచాడు. అప్పట్లో అది మోటారుతో తిరిగే కాగితపు చుట్ట. ఇప్పుడు కాగితం పోయి కంప్యూటర్ వచ్చింది. చదివేవాళ్ల పని మాత్రం అదే. చదువుతున్నట్టు తెలియకుండా చదవాలి, చెబుతున్నట్టుగా వినిపించాలి.

మన దగ్గర ఈ యంత్రం లేని కాలం కూడా ఉంది. 1983 నవంబర్ 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తెలుగు వార్తలు మొదలైనప్పుడు చదివినవారు శాంతిస్వరూప్ గారు. ఆయన ముందు అద్దం లేదు, చేతిలో కాగితాలే. వార్తను మనసుకు ఎక్కించుకుని, తలెత్తి చెప్పేవారు. ఆ రోజులు చూసినవాళ్లకు ఆయన తొణకని గొంతు గుర్తుండే ఉంటుంది. గుర్తు పెట్టుకుని చెప్పే మనిషి మాటలను ఒక్కొక్కటిగా గుర్తు పెట్టుకోడు, పలుకుబడులుగా పట్టుకుంటాడు. ఒక ఊపిరిలో పట్టేంత, ఒక భావం పూర్తయ్యేంత. మా సార్ వరుసలు విరిచే పద్ధతికి మూలం అక్కడే ఉందని నాకు అనిపిస్తుంది. జ్ఞాపకం చేసే పనిని ఆయన కాగితం మీద వరుసల చేత చేయించారు.

ఇక మొదటి కాగితంలోని వాక్యం చూడండి.

"నల్లగొండ పట్టణానికి సుమారు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న పానగల్‌లో పదకొండు పన్నెండు శతాబ్దాల మధ్యకాలంలో కుందూరు చోడుల పాలనలో నిర్మించబడినదిగా భావిస్తున్న ఛాయా సోమేశ్వరాలయ గర్భగుడిలోని శివలింగం వెనుక గోడపై పగలంతా కదలకుండా నిలిచి ఉండే నీడ ఏ ఒక్క స్తంభానిదీ కాదని పరిశీలించినవారు చెబుతున్నారు."

ముప్పై నాలుగు మాటలు. వ్యాకరణంలో తప్పు లేదు. పేపర్లో అచ్చయితే ఎవరూ ఆగరు, ఎందుకంటే పాఠకుడు వెనక్కి వెళ్లి చూసుకోగలడు. ప్రాంప్టర్ మీద వెనక్కి వెళ్లడం లేదు. పైకి పోయిన వరుస పోయినట్టే. పైగా మా తెర మీద ఒకేసారి కనిపించేవి ఐదు వరుసలు. ఈ వాక్యం పదమూడు, పద్నాలుగు వరుసలు పట్టింది. మొదటి వరుస పలికేటప్పుడు చివరి వరుస ఎక్కడో చీకట్లో ఉంది.

తెలుగుకు ఇక్కడే అసలు చిక్కు. మన వాక్యానికి ప్రాణం క్రియ, ఆ క్రియ చివర ఉంటుంది. ఉందో లేదో, అవునో కాదో, చెప్పినవారు ఎవరో అన్నీ చివరికే తెలుస్తాయి. పై వాక్యం చదివే మనిషి "నీడ" దాకా వచ్చినా, ఆ నీడ ఫలానా స్తంభానిది అని చెప్పబోతున్నాడో, కాదని చెప్పబోతున్నాడో తనకే తెలియదు. తెలియనప్పుడు గొంతు ఏం చేస్తుంది? ఏ పక్కకూ ఒరగకుండా చదునుగా నడుస్తుంది. కళ్లు మాత్రం క్రియను వెతుకుతూ కిందికి దూకుతాయి. ఆ దూకుడు కెమెరాకు స్పష్టంగా కనిపిస్తుంది. కెమెరా ముందు చదివే మా మేడం అనుభవం ఉన్న మనిషి. అయినా మొదటిసారి చదివినప్పుడు ఆమె కళ్లు మూడుసార్లు కిందికి జారాయి, "కాదని" దగ్గర గొంతు తడబడింది.

సార్ ఆపించారు. "అమ్మా, తప్పు నీది కాదు. వాక్యం దిగేకాడ నీకు కనవడ్తలేదు," అన్నారు. అరుగు మీద కూర్చుని లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నారు. ఆయన రాసింది ఇది.

నల్లగొండ పక్కనే
పానగల్.

ఇక్కడొక పాత గుడి ఉంది.
కుందూరు చోడుల నాటిది.

పేరు
ఛాయా సోమేశ్వరాలయం.

గర్భగుడిలో
లింగం వెనక గోడ మీద
ఒక నీడ.

పొద్దున చూసినా
అదే నీడ.
మధ్యాహ్నం చూసినా
అదే నీడ.

చూడగానే
స్తంభం నీడ అనుకుంటాం.

కానీ
ఏ ఒక్క స్తంభం
నీడా కాదది.

ఈ కాగితంలో నాకు మొదట కనిపించే నేర్పు, ఏ వాక్యమూ మూడు వరుసలు దాటకపోవడం. తెర మీద ఐదు వరుసలు కనిపిస్తాయి, చదివే గీత పైనుంచి రెండో వరుస దగ్గర ఉంటుంది. వాక్యం మూడు వరుసల్లో ముగిస్తే, మొదటి మాట పలకబోతున్నప్పుడే చివరి మాట కంటి కింద ఉంటుంది. మనం పైకి చదివేటప్పుడు కన్ను ఎప్పుడూ గొంతు కంటే రెండు మూడు మాటలు ముందు నడుస్తుంది. ఆ ముందు నడకలోనే క్రియ దొరికితే గొంతుకు దారి తెలుస్తుంది. మూడు వరుసల లెక్క తెలుగు క్రియ కోసం పెట్టుకున్నది. ఇంగ్లిష్ స్క్రిప్ట్ రాసేవాళ్లకు క్రియ కర్త పక్కనే దొరుకుతుంది కాబట్టి ఇంత కట్టడి అక్కర్లేదు. మనకు తప్పదు.

రెండో నేర్పు కాలం మీద. ప్రాంప్టర్ ఒకే వేగంతో జరుగుతున్నప్పుడు ప్రతి వరుసా చదివే గీత దగ్గర అంతే సేపు ఉంటుంది. నాలుగు మాటలున్న వరుసకూ అదే సమయం, ఒక్క మాట వరుసకూ అదే సమయం. అంటే వరుస పొడవే వేగం. "ఇక్కడొక పాత గుడి ఉంది" అనేది నాలుగు మాటల వరుస, చురుగ్గా నడుస్తుంది. "పానగల్" ఒక్కటే ఒక వరుస, దానంతట అదే నెమ్మదిస్తుంది. "ఇక్కడ నొక్కి చదవండి" అని సార్ ఎక్కడా రాయలేదు, ఒత్తు పెట్టమని గీత గీయలేదు. మాటను ఒంటరిగా నిలబెట్టారు, యంత్రమే దానికి సమయం ఇచ్చింది. ఈ సంగతి తెలియకుండా వరుసలు విరిచినప్పుడు ఏమవుతుందో నేను చాలాసార్లు చూశాను. "మరియు" లాంటి మాట ఎక్కడో ఒంటరిగా పడుతుంది. చదివేవాళ్లు తెలియకుండానే దాని మీద బరువు వేస్తారు. వినేవాళ్లకు ఏదో గొప్ప విషయం రాబోతున్నట్టు అనిపిస్తుంది, వచ్చేది మాత్రం ఉత్త "మరియు".

ఇప్పుడు నేను ఎక్కువగా మెచ్చుకునే చోటికి వస్తాను. చివరి వాక్యం మొదట ఇలా ఉండేది.

కానీ
ఏ ఒక్క స్తంభం నీడా
కాదది.

చూడ్డానికి ఇదే మేలు. "స్తంభం నీడ" ఒకటే పలుకుబడి, దాన్ని విడదీయకూడదు. ఎవరి నీడ అని చెప్పే మాటనూ నీడ అనే మాటనూ ఒకే వరుసలో ఉంచాలనేది ఈ పనిలో మొదట నేర్పే నియమం. అయినా మేడం రిహార్సల్లో చదివినప్పుడు "స్తంభం నీడా" దగ్గర గొంతు పైకి లేచింది. ప్రశ్నలా వినిపించింది. కారణం తెలుగు దీర్ఘమే. మాట చివర "ఆ" వస్తే అది ప్రశ్న కావచ్చు, "కూడా" అనే అర్థంలో రావచ్చు. "వచ్చాడా" అంటే ప్రశ్న. "ఎవడూ", "ఏదీ", "నీడా" లాంటివి "కాదు", "లేదు"లతో కలిస్తే పూర్తి నిరాకరణ. రెంటికీ తేడా చెప్పేది ఆ తర్వాతి మాట. వరుస అక్కడే తెగిపోతే తర్వాతి మాట తెర మీద ఉన్నా గొంతు దాన్ని అందుకోకముందే ఆగుతుంది, నాలుక ప్రశ్న వైపు జారుతుంది.

సార్ ఒక్క క్షణం ఆలోచించి "స్తంభం" తర్వాత విరిచారు. "నీడా కాదది" అని దీర్ఘాన్నీ నిరాకరణనూ ఒకే వరుసలో కట్టేశారు. పలుకుబడిని విడదీయకూడదనే నియమం ఇక్కడ భంగమైంది. ఆయనకు అది తెలుసు. "రెండు ముళ్లల్ల చిన్న ముల్లు తొక్కాలె," అన్నారు. స్తంభం తర్వాత అర క్షణం ఆగితే వినేవాడికి నష్టం లేదు, పైగా ఏదో రాబోతోందన్న ఎదురుచూపు కలుగుతుంది. దీర్ఘం తర్వాత ఆగితే అర్థమే తిరగబడుతుంది. ఏ నియమాన్ని ఎప్పుడు వదలాలో తెలియడం ఎంత కష్టమో ఈ పని చేసినవాళ్లకు తెలుసు.

"కాదది" అనే మాటను కూడా గమనించండి. "అది కాదు" అని రాయవచ్చు. అప్పుడు వాక్యం "కాదు" మీద ముగుస్తుంది, ఊపిరి అయిపోయే చోట బలమైన మాట పడుతుంది. ఊపిరి తక్కువైనప్పుడు గొంతు దిగిపోతుంది, "కాదు" లోని "దు" నోట్లోనే ఉండిపోతుంది. "కాదది" అన్నప్పుడు నిరాకరణ ముందే స్పష్టంగా పడి, చివరికి మెత్తని సర్వనామం మిగులుతుంది. గొంతు దిగినా పోయేదేమీ లేదు. మన ఊళ్లలో మాట్లాడేటప్పుడు ఈ వరుస సహజంగానే వస్తుంది. "వస్తలేడు వాడు", "తెల్వదు నాకు" అంటాం. రాతలోకి వచ్చేసరికి మర్చిపోతాం. సార్ ఆ మాట నడకను తెర మీదికి తిరిగి తెచ్చారు.

మొదటి కాగితం చివర "పరిశీలించినవారు చెబుతున్నారు" అని ఉంది. రెండో కాగితంలో అది కనిపించదు. సార్ తీసేయలేదు, వేరే చోటికి మార్చారు. తెలుగులో "అని" తర్వాత చెప్పినవారు వస్తారు, అంటే వాక్యమంతా విన్న తర్వాత గానీ అది ఎవరి మాటో తెలియదు. కారణం వివరించే చోట సార్ ఇలా మొదలుపెట్టారు.

పరిశీలించినవాళ్ల
మాట ఇది.

గుడి లోపలికి
వెలుతురు పక్కల నుంచి
చెదిరి వస్తుంది.

ఆ వెలుతురు అందని
సన్నటి పట్టీనే
మనం నీడ అంటున్నాం.

మాట ఎవరిదో ముందే చెప్పేశాక ఇక "అని"లు అక్కర్లేదు. తర్వాతి వాక్యాలన్నీ నేరుగా నడుస్తాయి. నీడ ఎందుకు కదలదన్నది కూడా విన్న వెంటనే అర్థమవుతుంది. సూర్యుడు జరిగితే ఎండ పడే చోటు జరుగుతుంది గానీ, రాళ్ల మీద తగిలి పక్కల నుంచి చెదిరి వచ్చే వెలుతురు రోజంతా దాదాపు అదే దారిన వస్తుంది. దాన్ని అడ్డుకునే స్తంభాలూ అక్కడే ఉంటాయి. మేడం ఈ భాగం చదువుతున్నప్పుడు "సన్నటి పట్టీనే" దగ్గర ఆమె చేయి తనకు తెలియకుండానే గోడ వైపు లేచింది. చదువుతున్న మనిషి చేయి అలా లేవదు. చెబుతున్న మనిషి చేయే లేస్తుంది.

కళ్ల సంగతికి ఒక లెక్క ఉంది. మా మేడం కెమెరాకు రెండు మీటర్ల దూరంలో నిలబడింది. తెర మీద వరుస వెడల్పు 25 సెంటీమీటర్లు ఉంటే, వరుస మొదటి నుంచి చివరి దాకా కన్ను దాదాపు 7 డిగ్రీలు తిరగాలి. చేయి చాచి నాలుగు వేళ్లు పక్కపక్కన పెట్టి చూడండి, అంత వెడల్పు. ఎడమ నుంచి కుడికి అంత దూరం కనుగుడ్డు తిరిగితే చూసేవాళ్లకు కనిపిస్తుంది. "చదువుతోంది" అని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. వరుసను 15 సెంటీమీటర్లకు కుదిస్తే అది 4 డిగ్రీల పైచిలుకుకు తగ్గుతుంది. మనిషిని మూడు మీటర్ల దూరం నిలబెడితే వెడల్పాటి వరుస కూడా 5 డిగ్రీల లోపుకు వస్తుంది, కానీ అక్షరాలు చిన్నవైపోతాయి. సార్ అక్షరం పెద్దదిగానే ఉంచి వరుసను ఇరుకు చేశారు. పైన మీరు చూసిన వరుసల్లో ఎక్కువ భాగం ఒకటి నుంచి మూడు మాటలే. వాటిని తెర మధ్యలో, కటకానికి సూటిగా నిలిపారు. కన్ను ఎడమకూ కుడికీ పోవడం తగ్గి, ఎక్కువగా నిలువుగానే దిగుతుంది. దిగే కన్నును కటకం దాచుకుంటుంది.

తెలుగు లిపికి ఇంకో అవసరం ఉంది. మన అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు. "సోమేశ్వరాలయం"లో శకారం కింద వకారం వేలాడుతుంది. కింది వరుసలో "గర్భగుడి" లాంటి మాట వస్తే ఆ వత్తూ గుడీ తాకుతాయి. తెర జరుగుతున్నప్పుడు ఆ తాకిన చోట అక్షరం మసకబారినట్టు కనిపిస్తుంది. అందుకే వరుసల మధ్య ఖాళీని ఇంగ్లిష్‌కు పెట్టినదాని కంటే పెంచాలి. ఇంకో ముప్పు సాఫ్ట్‌వేర్‌ది. కొన్ని ప్రాంప్టర్ ప్రోగ్రాముల్లో తెలుగు సంయుక్తాక్షరాలు కలవకుండా విడివిడిగా పడతాయి, "స్తంభం" కాస్తా పొల్లు స, త, మళ్లీ భ అయిపోతుంది. దీన్ని షూటింగ్ చోటికి వెళ్లాక కనిపెడితే లాభం లేదు. మేం ముందు రోజే మొదటి కాగితం మొత్తం తెర మీద వేసి, అద్దంలో పెట్టి, తిరగబడిన రూపంలో కూడా ప్రతి వత్తూ చూసుకున్నాం.

పేర్లూ అంకెలూ కూడా వరుసలో కూర్చోవాల్సినవే. మొదటి వరుస "నల్లగొండ పక్కనే" అని ఎందుకు మొదలైందో ఆలోచించండి. పాలమూరు వైపు, ఇప్పటి వనపర్తి జిల్లాలో, కోట ఉన్న పానగల్ ఇంకోటి ఉంది. ఆ వైపు శ్రోత "పానగల్" అనగానే తన ఊరి కోటనే తలుచుకుంటాడు. అప్పుడు నల్లగొండ అని తర్వాత చెబితే ఒక్క క్షణం వెనక్కి తిరగాలి. అందుకే ఊరి కంటే ముందు దాని ఆనవాలు చెప్పారు.

అంకెల కోసం రెండో భాగం చూడాలి. గుడికి దగ్గరలోనే ఉన్న ఉదయ సముద్రం గురించి మొదటి కాగితంలో "ఏఎమ్మార్పీ ద్వారా 1.5 టీఎంసీల నిల్వ సామర్థ్యం గల బ్యాలెన్సింగ్ రిజర్వాయర్‌గా మార్చబడింది" అని ఉంది. సార్ కాగితంలో ఇలా ఉంది.

ఊరి పక్కనే
ఉదయ సముద్రం.

చోడుల కాలపు చెరువు.
ఇప్పుడు రిజర్వాయర్.

కృష్ణా నీళ్లు
ఇక్కడికే వస్తయి.

నిండితే
ఒకటిన్నర టీఎంసీలు.

అద్దం మీద "1.5" కనబడితే చదివేవాళ్లు దాన్ని "ఒకటి పాయింట్ ఐదు" అనాలా, "ఒకటిన్నర" అనాలా అని లోపల తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడానికి పట్టే అర క్షణం ముఖం మీద తెలుస్తుంది. అంకెను అక్షరాల్లో రాస్తే నిర్ణయం స్క్రిప్ట్ రాసినవాళ్లే తీసుకున్నట్టు. అంకెనూ దాని కొలతనూ ఎప్పుడూ విడదీయరు. "ఒకటిన్నర" ఒక వరుసలో, "టీఎంసీలు" కింది వరుసలో పడితే చదివేవాళ్లు "ఒకటిన్నర" దగ్గరే గొంతు దింపేస్తారు. అలాగే "కోసం", "వరకు", "నుంచి", "మీద" అనే మాటలు వరుస మొదట్లో పడకూడదు. అవి ముందు మాటకు ఆనుకుని బతికే మాటలు. పైన "లింగం వెనక గోడ మీద" మొత్తం ఒక వరుస కావడానికి కారణం అదే. ఆ కాగితంలో ఎక్కువ మాటలున్న వరుసల్లో అదొకటి అయినా, సార్ దాన్ని విరవలేదు.

"వస్తయి" అని రాసిన చోట నేను అడిగాను, "సార్, వస్తాయి అని ఉండాలె కదా?" అని. "మేడం నోట్లె ఏం వస్తదో అదే రాయాలె. ఆమెది నల్లగొండ. వస్తాయి అని రాస్తే చదువుతది, వస్తయి అని రాస్తే చెప్తది," అన్నారు. చదివే మనిషి మారితే ఈ మాట మళ్లీ మారాలి. వరుసలూ మారాలి. ఎక్కువ ఊపిరి నిలపగలిగే గొంతుకు మూడు మాటల వరుసను నాలుగుకు పెంచవచ్చు. అందుకే ఒకరి కోసం విరిచిన స్క్రిప్ట్‌ను ఇంకొకరికి అలాగే ఇస్తే అది పని చేయదు.

ఖాళీ వరుసల పని కూడా చెప్పాలి. సార్ కామాలు దాదాపు వాడరు. కామా కంటికి కనిపించేంత పెద్దది కాదు, నడిచే తెర మీద చుక్కకూ కామాకూ తేడా పోల్చుకోవడం కష్టం. ఊపిరి తీసుకోవాల్సిన చోట ఒక వరుస ఖాళీగా వదులుతారు. ఆ ఖాళీ గీత దగ్గరికి వచ్చేసరికి చదివేవాళ్లు వద్దన్నా ఊపిరి తీసుకుంటారు, చదవడానికి అక్కడ ఏమీ లేదు కాబట్టి. కెమెరా వైపు ఒక చూపు, ఒక రెప్పపాటు దొరుకుతాయి. మేడం ముఖంలో కనిపించిన నిమ్మళమంతా ఆ ఖాళీ వరుసల్లో పుట్టిందే.

ఇక్కడ హద్దు కూడా ఉంది. ఇదే పద్ధతిని అతిగా చేస్తే చదువు ఊయలలా అయిపోతుంది. ప్రతి వాక్యం మూడు చిన్న వరుసలు, ప్రతి మూడింటి తర్వాత ఒక ఖాళీ. ఒక నిమిషం విన్నాక శ్రోతకు ఆ తూగు మాత్రమే వినిపిస్తుంది, అర్థం వినిపించదు. పైన "చోడుల కాలపు చెరువు. ఇప్పుడు రిజర్వాయర్." అని రెండు వాక్యాలను ఖాళీ లేకుండా వరుసగా నడిపింది అందుకే. "పొద్దున చూసినా, మధ్యాహ్నం చూసినా" చోట నాలుగు వరుసలు ఆగకుండా పోతాయి. అక్కడ విసుగు లేకుండా రోజంతా గడిచినట్టు అనిపించాలి. ఆపడం ఎంత ముఖ్యమో, ఆపకపోవడం కూడా అంతే ముఖ్యం. ఈ తేడా కాగితం చూసి చెప్పలేం. పైకి చదివి, విని, మళ్లీ విరవాలి. సార్ ఈ స్క్రిప్ట్‌ను తాను మూడుసార్లు చదివి, తర్వాత కళ్లు మూసుకుని మేడం చేత రెండుసార్లు చదివించారు. కళ్లు మూసుకుంటే వరుసలు కనబడవు, గొంతు ఎక్కడ ఆగిందో అదే తెలుస్తుంది.

తెరను జరిపే చేతి గురించి ఒక్క మాట. నేను నేర్చుకున్న మొదటి పాఠం, చదివేవాళ్లు తెరను అనుసరించకూడదు, తెరే వాళ్లను అనుసరించాలి. ఆమె ఆగితే నేను ఆగాలి. ఆమె నవ్వితే ఆ నవ్వు అయ్యేదాకా ఆగాలి. వరుసలు సరిగా విరిగిన స్క్రిప్ట్‌తో ఈ పని తేలిక, ఎందుకంటే ఆమె ఎక్కడ ఆగుతుందో నాకు ముందే కనిపిస్తుంది. మొదటి కాగితంతో నాకు ఆ ఆనవాళ్లు లేవు. నేను కొంచెం ముందుకు జరిపాను, ఆమె అందుకోవడానికి వేగం పెంచింది, ఆమె వేగం చూసి నేను ఇంకా జరిపాను. అలా ఒకరినొకరు తరుముకున్నాం. ఆ రోజు గొంతు తడబడటానికి సగం కారణం నా చేయి కూడా. రెండో కాగితం ఆ తరుములాటను కూడా ఆపింది.

గుడి ఆవరణలో ఎండ పెరిగితే అద్దం మీద అక్షరాలు పాలిపోతాయి. నల్లటి గుడ్డ కప్పినా పొద్దెక్కాక లాభం ఉండదు. మేం పొద్దున్నే పని ముగించాం. రెండో కాగితాన్ని మేడం ఒకే టేకులో చదివింది. తర్వాత ఆ ముక్కను ధ్వని ఆపి ఒకసారి చూశాను, బొమ్మ ఆపి ఒకసారి విన్నాను. ధ్వని లేనప్పుడు ఆమె కళ్లు ఎక్కడా పక్కకు పోలేదు. బొమ్మ లేనప్పుడు ఎక్కడా చదువుతున్నట్టు వినిపించలేదు. తెలుగులో ప్రాంప్టర్ స్క్రిప్ట్ బాగుందో లేదో తేల్చడానికి నాకు తెలిసిన పరీక్షలు ఈ రెండే. సార్ రాసిన కాగితం రెండింట్లోనూ గెలిచింది.